పేమెంట్ ఆగితే సపోర్టుకు ఏమని రాయాలి?

ప్రశ్న: పని అప్పజెప్పాను, క్లయింట్ ఓకే అన్నాడు. అయినా ఫ్రీలాన్స్ సైటు వాళ్లు కారణం చెప్పకుండా నా డబ్బులు ఆపారు. వాళ్లకు ఏమని రాయాలి?

నేను నల్లగొండలో ఇంటి నుండే తెలుగు ఆడియోలను విని టైపు చేసే పని చేస్తాను. పాలమూరు రైతుల సంభాషణలను రాసిచ్చే ఒక కాంట్రాక్టులో రెండవ మైల్‌స్టోన్‌కు రావలసిన 18,400 రూపాయలు, క్లయింట్ ఆమోదించిన తరువాత కూడా, ‘అండర్ రివ్యూ’ దగ్గర నిలిచిపోయాయి. సపోర్టు నుండి వచ్చిన మొదటి జవాబులో నా సహనానికి కృతజ్ఞతలు చెప్పారు. నేను చూపని సహనానికి కృతజ్ఞతలెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రాసే ముందు డబ్బు ఎక్కడ ఆగిందో చూడాలి. సైటులోని మీ బ్యాలెన్సులో మొత్తం కనిపిస్తూ బ్యాంకుకు మాత్రం వెళ్లకపోతే, చిక్కు సాధారణంగా మీ గుర్తింపు పత్రాలలోనో బ్యాంకు వివరాలలోనో ఉంటుంది. బ్యాలెన్సులోకే రాకపోతే, క్లయింట్ కార్డు చెల్లింపును లేదా ఏదైనా వివాదాన్ని అనుమానించాలి. నాది మొదటి రకం కనుక ఇలా రాశాను:

“ఈ కాంట్రాక్టులోని రెండవ మైల్‌స్టోన్ ఫైళ్లను జూన్ 6న మీ సైటులోనే సమర్పించగా, క్లయింట్ జూన్ 9న ఆమోదించారు. 18,400 రూపాయలు నా బ్యాలెన్సులో ఉన్నాయి, కాని జూన్ 11న కోరిన బదిలీ నిలిచి ఉంది. కారణం గుర్తింపు పరిశీలనా, బ్యాంకు వివరాలా, క్లయింట్ చెల్లింపా? నా నుండి ఏ పత్రం కావాలి? దీనిని ఏ విభాగం, ఏ తేదీలోగా తేలుస్తుంది?”

కాంట్రాక్టు నంబరును, బదిలీ నంబరును పై వరుసలోనే ఇచ్చాను. కాంట్రాక్టు పీడీఎఫ్‌ను, సమర్పించిన పేజీ స్క్రీన్‌షాట్‌ను, క్లయింట్ ఆమోద సందేశాన్ని జతచేశాను. స్క్రీన్‌షాట్‌లో కాంట్రాక్టు నంబరు, తేదీ, సమయం ఒకే చిత్రంలో పడాలి. సైటు యూటీసీ సమయం చూపిస్తే అది మనకంటే అయిదున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, తెల్లవారుజామున పంపిన పని ముందు రోజు తేదీతో కనిపిస్తుంది. ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పకపోతే మీ తేదీలే తప్పనుకుంటారు. ఆడియోలను మాత్రం పంపలేదు, ఎందుకంటే గోప్యత షరతు ప్రకారం అవి క్లయింట్‌వి. ఫైళ్ల పేర్ల జాబితా ఇచ్చాను. సపోర్టులో ఎవరూ మన పనిని విని మెచ్చుకోరు, నంబర్లూ తేదీలూ సరిపోల్చుకుంటారు, అంతే. పని వాట్సాప్‌లో పంపితే సరిపోల్చడానికి సైటులో వాళ్లకు ఏమీ దొరకదు.

కొత్త టికెట్ తెరవకుండా అదే టికెట్‌లో రాసినందువల్ల చివరికి అసలు కారణం బయటపడింది. పాన్ కార్డులో నా ఇంటిపేరు పూర్తిగా ఉంటే, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఆ రెండు పేర్లూ ఒకరివేనని బ్యాంకు ఇచ్చిన లేఖను, రద్దుచేసిన చెక్కును పంపిన తరువాత డబ్బు విడుదలైంది. మన వైపు ఫ్రీలాన్సర్లకు ఆగే పేమెంట్లలో ఎక్కువ వాటికి ఇంటిపేరే కారణమని నా గట్టి నమ్మకం.

మీ మొత్తం బ్యాలెన్సులోకి రాకపోతే మాత్రం, మొదటి ప్రశ్నగా క్లయింట్ చెల్లింపు సైటుకు చేరిందా అని అడగండి. ఈలోగా “రిఫండ్ చేయండి, నేరుగా పంపుతాను” అని క్లయింట్ అంటే ఒప్పుకోవద్దు. రిఫండ్ అయిన మైల్‌స్టోన్‌పై సైటును అడగడానికి మీకు ఆధారమేదీ మిగలదు.