ప్రాణాయామంతో ఎల్‌డీఎల్ తగ్గింది... మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 48. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. మూడు నెలల కిందట పరీక్ష చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 252, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 220, ఎల్‌డీఎల్ 168 వచ్చాయి. డాక్టర్ గారు అటార్వాస్టాటిన్ 10 మి.గ్రా. రాశారు. అదే వారం కపాలభాతి, అనులోమ విలోమం, ధ్యానం కూడా మొదలుపెట్టాను. ఇప్పుడు ఎల్‌డీఎల్ 102. ఇదంతా ప్రాణాయామం చలవేనని, మాత్ర ఇక అక్కర్లేదని మా యోగా గురువు గారు అంటున్నారు. ఆపేయొచ్చా? - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాత్ర ఆపకండి. యోగా కూడా మానకండి. మాత్ర, యోగా ఒకే వారం మొదలయ్యాయి కాబట్టి, తగ్గిన 66 పాయింట్లలో దేని వాటా ఎంతో రిపోర్టు చెప్పలేదు. అయితే లెక్క వేసి చూడొచ్చు.

అటార్వాస్టాటిన్ 10 మి.గ్రా. రోజూ వేసుకుంటే ఎల్‌డీఎల్ సగటున 35 నుంచి 39 శాతం తగ్గుతుంది. మీ 168కి ఇది వర్తింపజేస్తే 102-109 మధ్యకు వస్తుంది. అంటే యోగా చేయకపోయినా మీ రిపోర్టు దాదాపు ఇక్కడికే వచ్చేది. ఇక యోగా సంగతి. ముప్పైకి పైగా ట్రయల్స్‌ను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2016లో వచ్చింది. ఏ వ్యాయామమూ చేయని వారితో పోలిస్తే యోగా చేసినవారిలో ఎల్‌డీఎల్ సగటున 12 పాయింట్లు తగ్గింది. ట్రైగ్లిజరైడ్లు 26 పాయింట్ల దాకా, పై బీపీ 5 పాయింట్లు తగ్గాయి. నడక, సైక్లింగ్ లాంటి వ్యాయామాలు చేసేవారితో పోల్చినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ లెక్కన మాత్ర లేకుండా యోగా ఒక్కటే చేసి ఉంటే మీ ఎల్‌డీఎల్ 156 దగ్గర ఉండేది.

పైగా ఆ 12 పాయింట్లు కూడా ఆసనాలు, శ్వాస, ధ్యానం, కొన్నిచోట్ల ఆహార మార్పులు కలిసి ఇచ్చినవి. ప్రాణాయామం ఒక్కటే చేయించి చూసిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి. యోగాతో గుండె పూడికలు కరుగుతాయని చెప్పేవారు తరచూ 1990 నాటి అమెరికా అధ్యయనాన్ని చూపిస్తారు. అందులో మందు లేకుండానే ఎల్‌డీఎల్ 37 శాతం తగ్గిన మాట నిజం. కానీ వాళ్లు తిన్నది కొవ్వు దాదాపు లేని శాకాహారం. కేలరీల్లో కొవ్వు వాటా 10 శాతమే. దానికి తోడు పొగ మానేశారు, క్రమం తప్పక వ్యాయామం చేశారు. ఆ ఫలితంలో యోగా వాటా ఎంతో విడదీయలేం.

శ్వాస వేగంగా వదిలితే కొలెస్ట్రాల్ కరిగిపోతుందన్న మాటకు ఆధారం లేదు. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసేది ప్రధానంగా కాలేయం. మీరు వేసుకునే అటార్వాస్టాటిన్ లాంటి స్టాటిన్ మందులు కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తాయి. తనకు కావలసినది తక్కువ పడేసరికి కాలేయం రక్తంలోంచి ఎక్కువ లాక్కుంటుంది. మందు వేసుకున్నన్ని రోజులే ఈ పని జరుగుతుంది. ఆపితే కొద్ది వారాల్లోనే ఎల్‌డీఎల్ మళ్లీ పాత స్థాయికి చేరుతుంది. మీకు నొప్పి, ఆయాసం లాంటి సూచనలేవీ ఉండవు కాబట్టి, మళ్లీ పరీక్ష చేయించేదాకా ఆ సంగతి తెలియదు.

నిజానికి షుగర్ ఉన్న మీకు 102 కూడా చాలదు. మీ వయసులో షుగర్ ఉన్నవారికి సాధారణంగా 70 లోపు లక్ష్యంగా పెట్టుకుంటాం. మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా 6 శాతమే తగ్గుతుంది. అందుకే మోతాదు బాగా పెంచాలా, ఎల్‌డీఎల్ తగ్గించే ఎజెటిమైబ్ అనే మరో మందు జోడించాలా అన్నది మీ డాక్టర్ గారితో మాట్లాడండి. మాత్ర ఆపాలనిపించడానికి కండరాల నొప్పులు కారణమైతే అదీ చెప్పండి. సీకే అనే రక్తపరీక్ష చేసి మందు మార్చడమో, మోతాదు తగ్గించడమో చేయొచ్చు.

యోగా మీకు పనికొచ్చేది ట్రైగ్లిజరైడ్లు, బీపీ, బరువు, షుగర్ విషయంలో. ధ్యానం ఒత్తిడికి, నిద్రకు సాయపడొచ్చు. దాన్నుంచి ఎల్‌డీఎల్ తగ్గుదల ఆశించకండి. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడవండి. ఆపకుండా, ఆయాసం వచ్చే వేగంతో చేసే సూర్య నమస్కారాలైనా సరే. కూర్చుని చేసే ప్రాణాయామాన్ని ఈ అరగంటలో లెక్కేయకండి.

కపాలభాతి విషయంలో ఒక జాగ్రత్త. నాలుగేళ్లుగా షుగర్ ఉంది కాబట్టి ముందు కళ్ల డాక్టర్‌తో రెటీనా పరీక్ష చేయించుకోండి. షుగర్ వల్ల రెటీనాలో బలహీనమైన కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే, పొట్ట బిగించి బలంగా ఊపిరి వదిలినప్పుడు పెరిగే ఒత్తిడికి అవి చిట్లి రక్తం కారవచ్చు. అదుపులో లేని బీపీ, హెర్నియా ఉన్నవారు కూడా కపాలభాతి జోలికి వెళ్లకూడదు. ఆ పరీక్ష అయ్యేదాకా నెమ్మదిగా చేసే అనులోమ విలోమం, అదీ ఊపిరి బిగబట్టకుండా, చేసుకోండి.