సీసా వెనక ఏముందో చదివావా?

అనంతపురం

చిరంజీవి లక్ష్మికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు బడిలో టీచరుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. మన ఇంట్లో నా తర్వాత సుద్దముక్క పట్టేది నువ్వే. ఆ మాటతో పాటే, పిల్లల దగ్గర నోరు వాసన వస్తుందేమోనని భయపడి నాలుగు సీసాల మౌత్‌వాష్ కొన్నావని కూడా చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

సీసా వెనక క్లోర్‌హెక్సిడిన్ అని ఉందేమో చూడు. ఉంటే అది రోజూ వాడే వస్తువు కాదమ్మా, మందు. నాకు చిగుళ్లు వాచినప్పుడు డాక్టరు రెండు వారాలకు రాసిచ్చారు. వాసన తగ్గింది కదా అని నేను ఆరు నెలలు పుక్కిలించాను. ముందు ఉప్పు రుచి తెలియకుండా పోయింది. ఉగ్గాని ఉప్పు కషాయంలా ఉందని మీ పెదనాన్న ముద్ద పక్కన పెట్టేవారు. తర్వాత పళ్ల మీద గోధుమరంగు మరకలు. అందరూ బోరునీళ్ల వల్లే అన్నారు. నేనూ నమ్మి క్యాన్ నీళ్లు కొన్నాను. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్తే, ‘ఫ్లోరైడ్ నీళ్ల మరకలు చిన్నప్పుడు పళ్లు తయారయ్యేటప్పుడు పడతాయి, ముప్పై ఏళ్లకు కొత్తగా రావు, ఇవి మందు, టీ కలిసి పైన పట్టినవి’ అని ఒక్క పూటలో గీకేశారు. మరకలు పోయాయి. కానీ చిగురు కింద గట్టిపడిన గార అలాగే ఉంది. వాసనకు అసలు మూలం అదే. మందు వాసనను అణచిపెట్టడంతో నాకు తెలియలేదు. కింది దవడ పన్ను కదిలిపోయి తీయించుకోవాల్సి వచ్చింది. ఆ ఖాళీని ఇప్పటికీ నాలుక తడుముతూనే ఉంటుంది.

అందుకే ముందు పళ్ల డాక్టరుకు చూపించు, గార తీయించుకో. నాలుక వెనక భాగం రోజూ గీసుకో; వాసన ఎక్కువగా పుట్టేది అక్కడే. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ రాస్తే, చెప్పినన్ని రోజులే వాడు. పేస్టు నురగ దాని బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి బ్రష్ చేసిన అరగంట తర్వాత పుక్కిలించు.

రోజూ ఏదో ఒకటి కావాలంటే ఆల్కహాల్ లేనిది తీసుకో. రోజంతా పాఠాలు చెప్పే గొంతు నీది. నోరు ఎండితే వాసన పెరుగుతుంది, ఆల్కహాల్ మంట పెట్టి నోటిని ఇంకా ఎండబెట్టవచ్చు.

నీకు రెండు పళ్లకు సిమెంటు పెట్టించారు కదా, పుచ్చు మళ్లీ రాకుండా ఫ్లోరైడ్‌ది కూడా మంచిదే. 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ అని ఉంటుంది. పది మిల్లీలీటర్లు, ఒక నిమిషం, ఉమ్మెయ్, అరగంట నీళ్లు తాగకు. బ్రష్ చేసిన వెంటనే మాత్రం వద్దు. పేస్టులో ఇంతకంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉంటుంది, దాన్ని కడిగేసుకున్నట్టవుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక చాలు.

బాబు మాత్రం ముట్టకూడదు. ఐదేళ్ల వాడు ఉమ్మడు, మింగుతాడు. మన నీళ్లలో ఉన్న ఫ్లోరైడే వాడి వయసుకు ఎక్కువ. సీసా పై అరలో పెట్టు.

మూత తీయనివి షాపులో తిరిగి ఇచ్చెయ్. ఆదివారం బస్సుకి వస్తున్నాను, నీ పళ్లు నేనే చూస్తాను. ఉగ్గాని చేసిపెట్టు.

మీ పెద్దమ్మ