బ్యాగు అడుగు చూసి కొను

బుజ్జీ,

ఉద్యోగంలో చేరేలోపు ల్యాప్‌టాప్‌కి ఏ బ్యాగు కొనాలని అడిగావు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఏళ్ల తరబడి రిపేర్ కౌంటర్ మీద కూర్చున్న పెదనాన్నగా చెబుతున్నా, ముందు బ్యాగు అడుగు చూడు. రంగు, జేబులు తర్వాత.

మూల చితికి మా దగ్గరికొచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి దెబ్బ తగిలింది బ్యాగులో ఉండగానే. ఆఫీసుకి చేరగానే భుజం మీంచి దించి బ్యాగుని ధబ్బున నేల మీద పెడతాం. చవక బ్యాగుల్లో ముందూ వెనకా మెత్త ఉంటుంది గానీ అడుగున ఉత్త గుడ్డే. బరువంతా కింది మూల మీద పడుతుంది. అందుకే షాపులోనే ల్యాప్‌టాప్ లోపల పెట్టి, బ్యాగు అడుగున చెయ్యి పెట్టి పైకి నొక్కు. అంచు వెంటనే చేతికి తగిలితే అది వద్దు. ల్యాప్‌టాప్ పెట్టే అర, బ్యాగు అడుక్కి ఆనకుండా, కనీసం రెండు వేళ్ల ఎత్తులో ఆగాలి.

ఆ మెత్తను బొటనవేలితో, చూపుడువేలితో గట్టిగా నొక్కి చూడు. రెండు వేళ్లూ కలిసినంత పనైతే అది ఉత్త స్పాంజి. కాస్త గట్టిగా ఉండి, వదలగానే యథాస్థితికి రావాలి.

సైజు దగ్గర అందరూ పొరబడతారు. 15.6 అంగుళాలు అన్నది తెర ఐమూల కొలత, ల్యాప్‌టాప్ కొలత కాదు. టేపు పెట్టి పొడవు, వెడల్పు, మందం కొలువు. నీది 36 సెంటీమీటర్ల పొడవు, 24 వెడల్పు అనుకుందాం. ల్యాప్‌టాప్‌కి తొడిగే స్లీవ్ లోపలి కొలత 37, 25 ఉంటే బాగా కూర్చుంటుంది. అదే 40, 28 ఉంటే బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ లోపల జారి అంచుకి కొట్టుకుంటుంది. జిప్ వేసి ఊపితే చేతికే తెలిసిపోతుంది.

ఇక మెత్త కూడా ఆపలేనిది ఒత్తిడి. ఇటుకలాంటి ఛార్జర్‌ని ముందు జేబులో, సరిగ్గా మూత నడిమధ్యకి వచ్చేలా పెడతారు. అమీర్‌పేట మెట్రో రద్దీలో వెనకవాళ్లు ఆనుకుంటే ఆ నొక్కుడంతా తెర మీదే. బయట గీత కూడా ఉండదు, తెరిస్తే తెల్లటి మచ్చో, సాలెగూడులాంటి పగులో కనిపిస్తుంది. ఛార్జర్ పక్క జేబులోకి మార్చు, టిఫిన్ డబ్బా వేరే సంచిలో పెట్టు. ల్యాప్‌టాప్ మూత వైపు వీపుకి ఉండేలా పెడితే ఇంకా మంచిది.

బిగించే ప్లాస్టిక్ కేసులు గీతలు పడకుండా ఆపుతాయి, అంతే. పైగా మూత బరువెక్కి కీళ్ల మీద భారం. వానకి స్లీవ్‌ని నమ్ముకోకు, నీళ్లు జిప్‌లోంచి దిగుతాయి. బ్యాగు మీద రెయిన్ కవర్ వెయ్యి.

కొనడానికి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్, ఛార్జర్ రెండూ తీసుకెళ్లు. లోపల పెట్టి చూడనివ్వకపోతే పక్క షాపుకి వెళ్లు, బేరం మాత్రం మానకు.

మీ పెదనాన్న