ఏఐ పైలట్‌లో లాభమెంతో ఎలా లెక్కగట్టాలి?

ప్రశ్న: కర్నూలులో మాది ఆటో స్పేర్ పార్టుల హోల్‌సేల్ షాపు. కొనుగోలు బిల్లులు చదివి ఎంట్రీ చేసే ఏఐని 3 నెలలు వాడి చూశాం. 87 శాతం లాభమని అమ్మినవాళ్లు అంటున్నారు. నమ్మొచ్చా?

వాళ్లు చందా ఒక్కటే ఖర్చుగా చూపించి ఉంటారు. ఉదాహరణకు రోజుకు 60 బిల్లులు, ఒక్కోదానికి 6 నిమిషాలు పట్టేది 3కి తగ్గిందనుకోండి. నెలకు 25 రోజుల చొప్పున 3 నెలల్లో 225 గంటలు మిగులుతాయి. గంటకు 75 రూపాయల జీతమైతే 16,875. చందా 9,000 తీసేస్తే మిగిలే 7,875 చందాలో 87.5 శాతం.

అసలు ఖర్చు అంతకుముందే మొదలైంది. 'బ్రేక్ షూ', 'బ్రేక్‌షూ', 'బి.షూ' అని ఒకే సరుకు మూడు పేర్లతో ఉంటే ఏఐ మూడు సరుకులనుకుంటుంది. జాబితా సరిచేయడానికి 120 గంటలు, అంటే 9,000. నలుగురికి పదేసి గంటలు నేర్పడానికి 3,000. చందాతో కలిపి మొత్తం ఖర్చు 21,000, నష్టం 4,125.

అలాగని వదిలేయకండి. జాబితాకు, నేర్పడానికి అయిన ఈ 12,000 ఒకసారి పెట్టేదే. నెలకు చందా పోను 2,625 మిగిలితే ఐదో నెలలో తిరిగొస్తుంది. కొత్త సరుకుల పేర్లు సరిచూడటానికి పట్టే టైమ్ మాత్రం నెలనెలా తీసేయాలి.

ఆ 3 నిమిషాల్లో ఏఐ తప్పుల్ని దిద్దే టైమ్ కూడా ఉండాలి. గడియారం పెట్టి వంద బిల్లులు మీరే చూడండి. ఇంకో మెలిక: మిగిలిన గంటల్లో గుమాస్తా బాకీలు వసూలు చేస్తేనో, ఓవర్‌టైమ్ తగ్గితేనో డబ్బు కనిపిస్తుంది. లేకపోతే ఆ 16,875 కాగితం మీదే.