క్యాప్షన్‌లో ‘గ్యాస్ ఫ్రీ’ అని రాయకు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు సొంతంగా ఏసీ సర్వీసింగ్ మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత పొంగిపోయానో, నువ్వు పంపిన క్యాప్షన్ చదివాక అంత టెన్షన్ పట్టుకుంది. "ఏడాదికి 4 సర్వీసులు, గ్యాస్ ఫ్రీ, ఎప్పుడు పిలిచినా 2 గంటల్లో మీ ఇంట్లో!" అని రాశావు. మొదటిది సరిచేసుకోవచ్చు. మిగతా రెండూ ఇప్పుడే తీసెయ్.

నాలుగు అన్నాక ఎప్పుడు వస్తావో, వచ్చి ఏం చేస్తావో కూడా చెప్పాలి. ఎండలు ముదరకముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి నీళ్లతో పూర్తి వాష్. మిగతా రెండుసార్లు ఫిల్టర్లు, డ్రెయిన్ పైపు, వైర్ల బిగింపు చూడటం. రిపేరు కాల్స్ ఈ నాలుగులోకి రావని రాయి. లేకపోతే నీళ్లు కారుతున్నాయని పిలిస్తే వెళ్లినదాన్ని నువ్వు ఒక సర్వీసు కింద లెక్కేస్తావు, వాళ్లు లెక్కెయ్యరు.

ఇక గ్యాస్ సంగతి. ఏసీలో గ్యాస్ ఖర్చయిపోయేది కాదని నీకూ తెలుసు, అది మూసిన పైపుల్లోనే తిరుగుతుంది, తగ్గిందంటే ఎక్కడో లీకుంది. మరి ఏడాదంతా ఫ్రీగా పోస్తానంటే లీకు వెతకకుండా పోస్తూ ఉంటానని ఒప్పుకున్నట్టే కదా! నేను పనిచేసిన ఒక షాపులో ఓనరు సరిగ్గా ఇదే మాట బోర్డు మీద రాయించాడు. ఒక ఇంట్లో ఒకటిన్నర టన్ను స్ప్లిట్‌ని ముందు చూడకుండానే ఏడాది సర్వీసు కాంట్రాక్టులోకి తీసుకున్నాడు. ఎండలు మొదలవగానే కూలింగ్ లేదన్నారు, కుర్రాణ్ణి పంపి గ్యాస్ పోయించాడు. కొన్ని వారాలకే మళ్లీ అదే మాట, మళ్లీ పోశారు. మూడోసారి నన్ను పంపాడు.

ఇండోర్ మూత తీసి చూస్తే మంచు కాయిల్‌కి ఒక మూల మాత్రమే కట్టింది, గ్యాస్ లోపలికొచ్చే చోట. మిగతాదంతా పొడిగా ఉంది. ఫిల్టరు మూసుకుపోతే మంచు కాయిల్ అంతటా పరుచుకుంటుంది, ఇలా మూలన ఆగదు. ఔట్‌డోర్ దగ్గరికెళితే ఫ్లేర్ నట్టు చుట్టూ జిడ్డు మరక, దాని మీద నల్లగా దుమ్ము. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కారుతుంది కదా. సబ్బు నురగ రాశాను, ఒక్కో బుడగ మెల్లగా ఉబ్బింది. నట్టు విప్పితే రాగి పైపు అంచు చీలి ఉంది. పైపు కోసి కొత్తగా ఫ్లేర్ చేసి, నైట్రోజన్ పెట్టి ప్రెషర్ నిలబడుతోందో లేదో చూసి, వాక్యూమ్ చేసి, నేమ్‌ప్లేట్ మీద ఉన్న బరువు ప్రకారం గ్యాస్ తూచి పోశాను. లీకు ఆగింది కానీ అప్పటికే కంప్రెసర్ దెబ్బతింది. తిరిగొచ్చే చల్లటి గ్యాసే దాన్ని చల్లబరిచేది, అది చాలక నెలల తరబడి వేడెక్కుతూ నడిచింది. తర్వాత కొద్ది రోజులకే పోయింది. కాంట్రాక్టు కాగితం పట్టుకుని ఆ ఇంటాయన షాపుకొచ్చి అడిగితే ఓనరు దగ్గర జవాబు లేదు.

అందుకే కాంట్రాక్టు తీసుకునే ముందు ప్రతి ఏసీనీ చూడు. ఉన్న లోపాలు కాగితం మీద రాసి వాళ్లతో సంతకం పెట్టించుకో. ఇంకొక్క మాట, ఆర్-32 గ్యాస్‌కి మంట అంటుకుంటుందిరా. వెల్డింగ్ టార్చ్ పట్టుకునే ముందు గ్యాస్ మొత్తం రికవరీ మెషిన్‌తో తీసి, నైట్రోజన్ పంపించి, కిటికీలు తెరిచి పెట్టు. తొందరలో ఇది వదిలేశావని తెలిస్తే ఊరుకోను.

తొందరంటే గుర్తొచ్చింది, ఆ 2 గంటల మాట. నాకు నిజంగా భయమేసింది అది చదివి. గోడకి వేలాడే ఔట్‌డోర్ దగ్గరికి టైమ్ దాటిపోతోందని సేఫ్టీ బెల్టు లేకుండా దిగేవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు చిన్నప్పటి నుంచీ పిలవగానే పరిగెత్తేవాడివి, అదే నా దిగులు. మర్నాటికల్లా వస్తానని రాయి, చాలు.

నేనైతే ఇలా రాస్తాను, నీకు నచ్చినట్టు మార్చుకో:

"ఎండాకాలం ముందే మీ ఏసీ రెడీ. ఏడాదికి 4 విజిట్లు: 2 పూర్తి వాటర్ వాష్‌లు, 2 చెకప్‌లు. రిపేరు కాల్స్‌కి విజిటింగ్ ఛార్జీ లేదు, మర్నాటికల్లా వస్తాం. గ్యాస్ తగ్గితే ముందు లీకు చూపిస్తాం, మీరు సరేనంటేనే రిపేరు చేసి తూచి నింపుతాం, ఛార్జీ వేరు. మేం చేసిన జాయింటే కాంట్రాక్టు లోపు మళ్లీ లీకైతే పని, గ్యాస్ రెండూ ఉచితం. కంప్రెసర్, పీసీబీ, కాయిల్, ఏసీ షిఫ్టింగ్ ఇందులో లేవు. ముందు తనిఖీ, ఆ తర్వాతే కాంట్రాక్టు, ఆ తేదీ నుంచి 12 నెలలు."

పొడుగైందంటావేమో, కానీ గ్యాస్ వాక్యాలు మాత్రం కుదించకు. పోస్ట్ చేసే ముందు నాకొకసారి పంపు. బెల్టు కొన్నావా లేదా, అది కూడా చెప్పు.

మీ మామయ్య