మూడు ప్లాట్లు, మూడు రేట్లు: రిజిస్ట్రేషన్ అయ్యేసరికి గజం ఎంత పడుతుంది?

ప్రశ్న: మా దగ్గర 40 లక్షలు ఉన్నాయి. భువనగిరి వైపు 200 గజాల ప్లాట్లు మూడు చూశాం. మొదటిది ఒక కంపెనీ వేసిన కొత్త హెచ్‌ఎండీఏ లేఅవుట్‌లో, గజం 18,500. రెండోది అనుమతి లేని లేఅవుట్‌లో, క్రమబద్ధీకరించే స్కీమైన ఎల్‌ఆర్‌ఎస్‌కి అప్లై చేసి వదిలేసిన ప్లాటు, గజం 14,000, బ్రోకర్‌కి 2 శాతం. మూడోది పాత అప్రూవ్డ్ లేఅవుట్‌లో రీసేల్, గజం 17,000, బ్రోకర్‌కి 1 శాతం. కంపెనీవాళ్లు గవర్నమెంట్ వాల్యూ 6,000 మీదే రిజిస్ట్రేషన్ చేయిస్తాం, మిగతాది క్యాష్ ఇవ్వండి, లక్షా ఎనభై వేల పైన మిగులుతుంది అంటున్నారు. అన్ని ఖర్చులూ కలిపితే ఏది చవక? క్యాష్ ఇస్తే ఇబ్బందా?

జవాబు: ముందు క్యాష్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది.

తెలంగాణలో ప్లాటు సేల్ డీడ్‌కి స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం. మొత్తం ఏడున్నర. (ఆంధ్రప్రదేశ్‌లో విడివిడి అంకెలు వేరైనా కూడితే అక్కడా ఏడున్నరే.) ఇది దేని మీద లెక్క కడతారనేది అసలు ప్రశ్న. గవర్నమెంట్ వాల్యూ అనేది కనీసం ఇంతకు తగ్గకూడదని చెప్పే అంకె మాత్రమే. మీరు నిజంగా ఇచ్చిన ధర దానికంటే ఎక్కువైతే ఆ ధర మీద, తక్కువైతే గవర్నమెంట్ వాల్యూ మీద డ్యూటీ కట్టాలి. అసలు ధరను దస్తావేజులో ఉన్నదున్నట్టు రాయాలని స్టాంప్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది.

మీ కంపెనీవాళ్లు చెప్పిన మిగులు నిజమే. 37 లక్షల మీద ఏడున్నర శాతం 2,77,500. గజం 6,000 చొప్పున 12 లక్షల మీద 90,000. తేడా 1,87,500. కానీ మీరు రేపు ఈ ప్లాటు అమ్మేటప్పుడు ఏమవుతుందో చూడండి. అప్పటి కొనుగోలుదారు బ్యాంకు లోన్ మీద కొంటాడు, మొత్తం ధర వైట్‌లోనే ఇస్తానంటాడు. మీ కాగితం మీద కొన్న ధర 12 లక్షలే ఉంటుంది. మీరు చీకట్లో ఇచ్చిన 25 లక్షలు కూడా మీ లాభం కిందే లెక్కలోకి వస్తాయి. రెండేళ్లు దాటాక అమ్మినా ఇప్పటి రేటు ప్రకారం దాని మీద 12.5 శాతం పన్ను, అంటే 3,12,500. ఇవాళ లక్షా ఎనభై ఏడు వేలు మిగుల్చుకుని రేపు మూడు లక్షల పైన కట్టడమన్నమాట. వాళ్లకి మిగిలే పన్ను వాళ్లకి మిగులుతుంది, మీకు మాత్రం భారమే.

ఇంకో ముప్పు ఇంతకంటే పెద్దది. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఇలాగే కొన్నాడు. ఏడాది తిరక్కముందే అదే ప్లాటు మీద అంతకుముందు రిజిస్టరైన ఇంకో డీడ్ బయటపడింది. డబ్బు వెనక్కి ఇమ్మని నోటీసు పంపితే, దస్తావేజులో రాసిన మొత్తం ఇస్తాం అని జవాబొచ్చింది. క్యాష్ ఇచ్చినట్టు ఆయన దగ్గరున్న సాక్ష్యం ఒక డైరీ పేజీ. దాన్ని పట్టుకుని కోర్టుకెక్కితే ఆ డబ్బు నీకెక్కడిదని ముందు ఆయన్నే అడుగుతారు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడుతుందన్న మాట నిజమే, కానీ దానివల్ల మీ డబ్బు మీకు రాదు. కాబట్టి మూడు ప్లాట్లకూ ఏడున్నర శాతాన్ని పూర్తి ధర మీదే వేస్తున్నాను.

మొదటి ప్లాటు. కంపెనీ బ్రోషర్‌లో గజం 18,500 అనే ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో తూర్పు ఫేసింగ్‌కి, కార్నర్‌కి గజానికి ఇంత అదనం, లేఅవుట్ నిర్వహణకి కార్పస్ ఫండ్ ఇంత అని వేరేగా ఉంటుంది. మీరు రాసినదాన్లో ఆ ముక్క లేదు కాబట్టి ఇంకా అడిగి ఉండరు. ఉదాహరణకి ఫేసింగ్‌కి గజానికి 500, కార్పస్ 50,000 అనుకుందాం. ఫేసింగ్ డబ్బు కూడా ధరలో భాగమే, దాని మీదా డ్యూటీ కట్టాలి. అప్పుడు ధర 38,00,000, దాని మీద ఏడున్నర శాతం 2,85,000, కార్పస్ 50,000, కాగితాల పరిశీలనకీ డాక్యుమెంట్ రైటర్‌కీ ఇతర చిల్లర ఖర్చులకీ 15,000. మొత్తం 41,50,000. గజం 20,750 పడింది, మీ 40 లక్షలు దాటిపోయింది. కంపెనీవాళ్లు జీఎస్టీ అని ఇంకేదైనా కలిపితే ఒప్పుకోకండి. స్థలం అమ్మకానికి జీఎస్టీ లేదు, రోడ్లూ డ్రైనేజీ వేసి అమ్మే ప్లాట్లకి కూడా లేదని 2022 ఆగస్టులో కేంద్రం సర్క్యులర్‌లోనే చెప్పింది. ఇంకో సంగతి, అంత పెద్ద లేఅవుట్‌కి రెరా రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. ఉంటే, అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకునే హక్కు వాళ్లకి లేదు.

రెండోది చూడటానికి చాలా చవక. 28,00,000 ధర, 2,10,000 రిజిస్ట్రేషన్, 56,000 బ్రోకరేజీ, అవే 15,000 చిల్లర ఖర్చులు. ఇక్కడిదాకా అందరూ లెక్కేసుకుంటారు. ఆగిపోయేది ఎల్‌ఆర్‌ఎస్ దగ్గర. "అప్లై చేశాం" అంటే 2020లో వెయ్యి రూపాయలు కట్టి రసీదు తీసుకున్నారని అర్థం, అంతే. అసలు చార్జీలు కట్టలేదన్నమాట. ఆ లేఅవుట్‌లో పార్కుకి 10 శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టమంటారు. దీనికి మీరు కొనే ధర కాకుండా, అమ్మేవారు ఆ ప్లాటు రిజిస్టర్ చేయించుకున్ననాటి విలువ తీసుకుంటారు. అందుకే వాళ్ల డీడ్ ఏ సంవత్సరందో అడగండి. అప్పటి విలువ గజం 2,500 అయితే ప్లాటు విలువ 5 లక్షలు, 14 శాతం 70,000. దీనికి తోడు విస్తీర్ణాన్ని బట్టి వేసే క్రమబద్ధీకరణ చార్జీ ఉంటుంది. రెండూ కలిపి 85,000 అనుకుందాం. ఆ డీడ్ 2020 ఆగస్టు 26కి ముందుది కాకపోతే మాత్రం ఈ స్కీమే వర్తించదు, ఆ ప్లాటు వదిలేయండి.

ఇప్పుడు మొత్తం 31,66,000. గజం 15,830. ఇప్పటికీ చవకే కదా అంటారు. ఒకసారి టేపు పట్టుకుని ఆ ప్లాటు ముందు రోడ్డు కొలవండి. ఎల్‌ఆర్‌ఎస్ రూల్స్ ప్రకారం ప్లాటుకి 30 అడుగుల రోడ్డు కావాలి. లేకపోతే తక్కువైన వెడల్పుని రెండు పక్కల ప్లాట్లవాళ్లూ చెరిసగం వదలాలి. రోడ్డు 20 అడుగులే ఉందనుకోండి. మీ వైపు 5 అడుగులు పోతుంది. ప్లాటు 36 బై 50, రోడ్డు వైపు 36 అడుగులు ఉంటే 5 ఇంటూ 36, 180 చదరపు అడుగులు, అంటే 20 గజాలు. డీడ్‌లో 200 గజాలే ఉంటుంది, డ్యూటీ 200కీ కట్టారు, బ్రోకర్ కూడా 200 మీదే తీసుకున్నాడు. ఇల్లు కట్టుకోవడానికి మీకు మిగిలేది 180. ఆ 31,66,000ని 180తో భాగిస్తే గజం 17,589.

మూడో ప్లాటుకి ధర 34,00,000, రిజిస్ట్రేషన్ 2,55,000, బ్రోకరేజీ 34,000, చిల్లర 15,000. మొత్తం 37,04,000, గజం 18,520. రెండోదాంతో తేడా గజానికి 931 రూపాయలు. ఆ డబ్బుకి మీకు దొరికేది మంజూరైన లేఅవుట్, రోడ్లు వదిలేసిన స్థలం, ఎల్‌ఆర్‌ఎస్ ఫైలు ఎక్కడుందో తెలియని టెన్షన్ లేకపోవడం. నేనైతే మూడోదే తీసుకోమంటాను. అయితే రీసేల్ కదా, కొలిపించకుండా తీసుకోవద్దు. పాత లేఅవుట్‌లలో పక్కవాడు గోడ రెండడుగులు లోపలికి కట్టేసుకుని ఉండటం మామూలే. పొడవు 50 అడుగులైన ప్లాటులో రెండడుగులు పోతే 11 గజాలు పోయినట్టే. 37 లక్షల పెట్టుబడిని 189తో భాగిస్తే గజం 19,598 అవుతుంది, చవకదనం అక్కడే కరిగిపోతుంది. కాబట్టి అగ్రిమెంట్‌లో "సర్వేలో తేలిన విస్తీర్ణానికి గజం 17,000 చొప్పున" అని రాయించండి, 34 లక్షలు అని గుండుగుత్తగా రాయించకండి.

ఇక బ్రోకరేజీ. ఇంత శాతమని చట్టం ఎక్కడా చెప్పలేదు, మీరు ఒప్పుకున్నదే రేటు. రెండు పక్కలా తీసుకునే మధ్యవర్తితో అడిగితే తగ్గుతుంది. జీఎస్టీ నంబరున్నవాడైతే కమీషన్ మీద 18 శాతం వేసి బిల్లిస్తాడు, అప్పుడు 1 శాతం 1.18 అవుతుంది, కాబట్టి ముందే అడగండి. టోకెన్ ఇచ్చిన రోజే సగం ఇమ్మంటారు. ఇవ్వకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ వేలిముద్ర పడ్డాక ఇస్తానని మొదటి రోజే చెప్పండి. డీల్ చెడిపోతే టోకెనైనా వస్తుందేమో గానీ కమీషన్ వెనక్కి రాదు.

స్టాంప్ డ్యూటీ ఎవరు కట్టాలో అగ్రిమెంట్‌లో రాయకపోతే చట్టం ప్రకారం కొనేవాళ్లే కట్టాలి. అమ్మకం నాటికి పేరుకున్న ఖాళీ స్థలం పన్ను మాత్రం అమ్మేవాళ్లది. మున్సిపాలిటీ పరిధిలో ఉంటే బకాయి లేదని రసీదు చూపించాకే చివరి చెక్కు ఇవ్వండి. గవర్నమెంట్ వాల్యూ ఎంతో registration.telangana.gov.in లో సర్వే నంబరుతో మీరే చూసుకోవచ్చు, ఆ ప్లాటు మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఈసీ కూడా అక్కడే తీసుకోండి. అగ్రిమెంట్ ముసాయిదా తయారయ్యాక సంతకం పెట్టకముందే ఒకసారి పంపండి, చూసి చెబుతాను.