మొదటిసారి కలిసినప్పుడు షేక్‌హ్యాండ్ ఎంత గట్టిగా, ఎంతసేపు, ఎప్పుడు వదలాలి?

"అన్నా, మాది గుత్తి దగ్గర పల్లె. వచ్చే వారం అనంతపురంలో ఒక డ్రిప్ కంపెనీలో సేల్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. మా ఊర్లో దండం పెట్టడమే గానీ షేక్‌హ్యాండ్ ఇచ్చే అలవాటు లేదు. ఎంత గట్టిగా పట్టుకోవాలి, ఎంతసేపు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి? అదే టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ, నేనూ డ్రిప్ లైన్లోనే ఉన్నా. అనంతపురం, కడప, కర్నూలు వైపు డీలర్లను కలవడం, కొత్తగా చేరిన పిల్లలను వెంట తిప్పడం నా పని. వాళ్లందరూ మొదట అడిగేది "ఎంత గట్టిగా" అనే. నేను చూసినంతలో షేక్‌హ్యాండ్ చెడేది బలం దగ్గర కాదు, రెండు చేతులు ఎక్కడ కలిశాయి అన్న దగ్గర. అది సరిగ్గా కుదిరితే పట్టు దానంతటదే సరిపోతుంది. అందుకే ముందు అది చెప్తాను.

నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందు చూడు. ఆ సందు అవతలి మనిషి సందుకు పూర్తిగా ఆనాలి. అది ఆనేదాకా నాలుగు వేళ్లూ చాపి, దగ్గరగా కలిపి ఉంచు, బొటనవేలు పైకి ఉంచు. అరచేయి పక్కకు తిరిగి ఉండాలి, నేలవైపూ ఆకాశంవైపూ కాదు. సందుకు సందు తగిలాకే వేళ్లు మూయాలి. టెన్షన్‌లో ఉన్నవాళ్లు చేయి పూర్తిగా చేరకముందే వేళ్లు ముడిచేస్తారు. అప్పుడు అవతలి వాళ్ల చేతికి నీ వేళ్ల కొసలు మాత్రమే దొరుకుతాయి.

కర్నూల్లో ఒక డీలర్ షాపులో ఇదే జరిగింది. నాతో వచ్చిన కుర్రాడు గొంతులో వణుకు లేకుండా బాగానే మాట్లాడాడు. కానీ చేయి సగం చాపి ఆపేశాడు. డీలర్ పొలం పని చేసిన మనిషి, మొరటు చేయి. ఆయన మామూలుగానే పట్టుకున్నాడు, కానీ దొరికింది నాలుగు వేళ్లే. కణుపులు ఒకదానికొకటి నలిగి కుర్రాడి ముఖం ముడుచుకుపోయింది. పైగా కుడిచేతి ఉంగరం వేలికి రాయి ఉంగరం ఉంది, అది పక్క వేలిలో దిగింది. డీలర్ గబుక్కున వదిలేశాడు. బయటకు వచ్చాక "ఆయన చాలా గట్టిగా పట్టుకున్నాడన్నా" అన్నాడు. నిజానికి అదే బలం అరచేయి మీద పడి ఉంటే వాడికి ఏమీ అనిపించేది కాదు. వెళ్లొస్తామని చెప్పడానికి మళ్లీ లోపలికి వెళ్లినప్పుడు చేయి పూర్తిగా లోపలికి పోనిచ్చాడు. ఈసారి నొప్పి లేదు, డీలర్ కూడా నవ్వుతూ రెండుసార్లు ఊపి వదిలాడు. నీకూ కుడిచేతికి ఉంగరం ఉంటే ఆ రోజుకు తీసెయ్. జాతకం ప్రకారం తీయకూడదు అంటే కనీసం రాయి పక్కకు జారకుండా చూసుకో.

ఇప్పుడు బలం సంగతి. మంచి రోడ్డు మీద బండి నడిపేటప్పుడు హ్యాండిల్‌ని ఎలా పట్టుకుంటావో అంత చాలు. వేళ్లన్నీ చుట్టుకుని ఉంటాయి, కానీ బిగుసుకుని ఉండవు. ఆ తర్వాత అవతలి చేతిని బట్టి సర్దుకో. ఆయన కొంచెం గట్టిగా పడితే నువ్వూ అంతే పట్టు, అంతకు మించి పోవద్దు. పెద్ద వయసు మనిషైతే, వేళ్ల కీళ్లు ఉబ్బినట్టు కనిపిస్తే, పట్టు బాగా తగ్గించు. ఎక్కువైందో లేదో తెలుసుకోవడం సులువు. నీ కణుపుల మీద చర్మం తెల్లబడితే ఎక్కువైనట్టే. బొటనవేలితో అవతలి చేతి వెనకభాగాన్ని నొక్కొద్దు, నొప్పి అక్కడే పుడుతుంది. ఇంట్లో అన్నతోనో స్నేహితుడితోనో రెండు మూడుసార్లు చేసి చూడు. "ఎలా ఉంది" అని అడగొద్దు, "ఎక్కడ నొప్పి పుట్టింది" అని అడుగు.

ఎంతసేపు అంటే రెండు మూడు సెకన్లు. మోచేయి దగ్గర నుంచి రెండు మూడు చిన్న ఊపులు, భుజం కదలకూడదు. గడియారం చూసుకోలేవు కాబట్టి మాటతో కొలుచుకో. "నమస్తే సార్, నా పేరు ఫలానా, గుత్తి నుంచి వచ్చాను" అనడానికి దాదాపు అంతే టైం పడుతుంది. ఆ మాట అయిపోయేసరికి చేయి వదిలేసి ఉండాలి. డిగ్రీ ఎక్కడ చదివావో చేయి పట్టుకుని చెప్పొద్దు. మాట చెప్పేటప్పుడు చేతివైపు కాదు, ఆయన ముఖంవైపు చూడు.

దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. 2000లో అమెరికాలో అలబామా యూనివర్సిటీ వాళ్లు 112 మంది షేక్‌హ్యాండ్‌లు గమనించారు. పట్టు బలం, ఊపు, ఎంతసేపు, చేయి పూర్తిగా కలవడం, కళ్లలోకి చూడటం అన్నీ బాగున్న వాళ్ల మీద మొదటి అభిప్రాయం కూడా బాగుందని తేలింది. 2019లో స్కాట్లండ్‌లోని డండీ యూనివర్సిటీ పరిశోధనలో, మూడు సెకన్లు దాటిన షేక్‌హ్యాండ్ తర్వాత మనుషులు తక్కువ నవ్వారు, ఇబ్బంది పడినట్టు కనిపించారు.

వదలడమే మన వాళ్లకు అసలు చిక్కు. ఆయన వదలకముందే నేను వదిలితే మర్యాద కాదేమో అనుకుంటారు, లేదా కాలినట్టు లాక్కుంటారు. సూచన చేతిలోనే తెలుస్తుంది. ఆయన ఊపు ఆగుతుంది, వేళ్లు సడలుతాయి, చాలాసార్లు చూపు కుర్చీవైపు పోతుంది. ఈ మూడింట్లో ఏది వచ్చినా నీ వేళ్లు చాపెయ్. చేయి వెనక్కి లాగకు. వేళ్లు చాపితే చేతులు వాటంతటవే విడిపోతాయి.

మన వైపు పెద్దవాళ్లు కొందరు చేయి పట్టుకునే మాట్లాడతారు. "ఏ ఊరప్పా మీది, మీ నాయన పేరేంది" అంటూ రెండో చేయి కూడా పైన వేస్తారు. అది ఆప్యాయత. అక్కడ మూడు సెకన్ల లెక్క పెట్టుకోకు. ఊపడం ఆపి, పట్టు సగానికి తగ్గించి, చేయి అలాగే ఉంచి జవాబు చెప్పు. ఆయన వాక్యం ముగిశాక నీ ఎడమచేతిలో ఉన్న ఫైల్‌ని కాస్త ముందుకు తెచ్చి "ఇదిగో సార్ రెజ్యూమ్" అను. అందుకోవడానికి ఆయనే వదులుతారు. అందుకే ఫైల్ ముందు నుంచే ఎడమచేతిలో ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి.

చెమట గురించి కూడా ఒక మాట. అనంతపురం ఎండలో బస్టాండ్ నుంచి వచ్చిన చేయి తడిగానే ఉంటుంది. ఆఫీసు లోపలికి పోకముందు సబ్బుతో కడిగి ఆరబెట్టుకో, జేబులో కర్చీఫ్ పెట్టుకో. పిలిచే ముందు చల్లటి నీళ్ల సీసా కుడిచేత్తో పట్టుకుని కూర్చోకు.

ముందు నువ్వు చేయి చాపకు. అక్కడ వాళ్లు పెద్దవాళ్లు, వాళ్లే చాపనీ. ఆడవాళ్లు ఇంటర్వ్యూ చేస్తుంటే ఇది మరీ ముఖ్యం. వాళ్లు చాపితే ఇదే పట్టు, ఇదే టైం, తేడా ఏమీ లేదు. ఎవరూ చాపకపోతే ఫైల్ చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టు, కూర్చోమన్నాక కూర్చో.